షేర్ల పట్టిక ఫోటో నుంచి లాభం కట్టడం: 30 శాతమా, 4.43 శాతమా?

ప్రశ్న: మాది అనంతపురం. మా నాయన షేర్ల పట్టికను సబ్‌బ్రోకర్ ఆఫీసు వాళ్లు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపించారు. కంపెనీల పేర్లు పెట్టడం లేదు, అంకెలు ఇవి. వరుసగా ఎన్ని షేర్లు, కొన్న ధర, ఇప్పటి ధర:

బ్యాంకు: 200, 640, 608
సిమెంటు: 40, 1,850, 2,035
మందుల కంపెనీ: 60, 1,200, 1,080
కరెంటు కంపెనీ: 100, 84, 210
ఐటీ: 30, 1,480, 1,554

ఒక్కో షేరుకు శాతం కట్టి సగటు తీస్తే నాకు 30 శాతం లాభం వచ్చింది. మా అన్న రెండు ధరల కాలమ్‌లనూ విడివిడిగా కూడి 4.43 శాతమే అంటున్నాడు. కరెంటు కంపెనీ వరుస మీద ఫ్లాష్ పడింది. 210 అనుకుంటున్నా, 270 కూడా కావచ్చు. అడుగున ఇప్పటి విలువ మొత్తం "3,35,4" వరకే కనిపిస్తోంది, మిగతాది ఫోటోలో పడలేదు. ఎవరి లెక్క కరెక్టు?

సమాధానం:

ఇద్దరిదీ కాదండి. లాభం 8,620 రూపాయలు, శాతంలో 2.64. కరెంటు కంపెనీ ధర 210 అనే చదవాలి, 270 కాదు. ఆ సంగతి మీ ఫోటోలో సగం తెగిపోయిన మొత్తమే చెబుతోంది. అదెలాగో కింద రాస్తాను.

కడపలో చాలా ఏళ్లుగా అకౌంట్లు, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నుల పని చేస్తున్నాను. ఇలా ఫోన్‌లో ఫోటో చూపించి "సార్, ఎంత లాభమో చెప్పండి" అని అడిగేవాళ్లు తరచుగా వస్తుంటారు. మీరు చేసిన లెక్కా, మీ అన్న చేసిన లెక్కా రెండూ నాకు బాగా పరిచయమే. రెండింటిలో జరిగింది ఒకటే: మొదటి కాలమ్, అంటే ఎన్ని షేర్లు ఉన్నాయన్నది, లెక్కలోకి రాలేదు.

ముందు అసలు లెక్క చూడండి. ప్రతి వరుసలో షేర్ల సంఖ్యను కొన్న ధరతో గుణిస్తే పెట్టిన డబ్బు వస్తుంది. అదే సంఖ్యను ఇప్పటి ధరతో గుణిస్తే ఇప్పటి విలువ వస్తుంది.

బ్యాంకు: పెట్టింది 1,28,000, ఇప్పుడు 1,21,600, నష్టం 6,400
సిమెంటు: పెట్టింది 74,000, ఇప్పుడు 81,400, లాభం 7,400
మందుల కంపెనీ: పెట్టింది 72,000, ఇప్పుడు 64,800, నష్టం 7,200
కరెంటు కంపెనీ: పెట్టింది 8,400, ఇప్పుడు 21,000, లాభం 12,600
ఐటీ: పెట్టింది 44,400, ఇప్పుడు 46,620, లాభం 2,220

పెట్టిన డబ్బు మొత్తం 3,26,800. ఇప్పటి విలువ మొత్తం 3,35,420. తేడా 8,620. ఈ 8,620ని పెట్టిన 3,26,800తో భాగించి 100తో గుణిస్తే 2.64 శాతం వస్తుంది. భాగించేది ఎప్పుడూ పెట్టిన డబ్బుతోనే. కొందరు ఇప్పటి విలువతో భాగిస్తారు. అలా చేస్తే ఇక్కడ 2.57 వస్తుంది. తేడా చిన్నదే అయినా, లాభమో నష్టమో పెద్దదైనప్పుడు ఆ తేడా కూడా పెద్దదవుతుంది.

చేతిలెక్క సరిపోయిందో లేదో చూసుకోవడానికి ఇంకో దారి ఉంది. లాభాలన్నీ ఒకచోట, నష్టాలన్నీ ఒకచోట కూడండి. లాభాలు 22,220, నష్టాలు 13,600. తేడా మళ్లీ 8,620. రెండు దారుల్లోనూ ఒకే అంకె రాకపోతే ఎక్కడో గుణకారం తప్పిందని అర్థం.

మీకు 30 శాతం ఎందుకు వచ్చింది? ఐదు షేర్ల శాతాలు వరుసగా మైనస్ 5, ప్లస్ 10, మైనస్ 10, ప్లస్ 150, ప్లస్ 5. వీటిని కూడితే 150, ఐదుతో భాగిస్తే 30. కూడిక, భాగహారం రెండూ సరిగానే ఉన్నాయి. కానీ అలా సగటు తీస్తే ఐదు షేర్లలోనూ సమానంగా డబ్బు పెట్టినట్టు లెక్క. మీ నాయన అలా పెట్టలేదు. బ్యాంకులో 1,28,000 పెట్టారు, కరెంటు కంపెనీలో 8,400 మాత్రమే. మన సీమలో చెప్పుకోవాలంటే, ఎనిమిది ఎకరాల్లో శెనక్కాయ దిగుబడి తగ్గి, పెరట్లో పది సెంట్లలో మాత్రం విరగకాస్తే, రెంటినీ సగటు తీసి ఈ ఏడు పంట బాగా వచ్చిందని చెప్పలేం కదా.

శాతాలతోనే లెక్క కట్టాలనుకుంటే, ఒక్కో శాతానికి దాని డబ్బు ఎంతో అంత బరువు ఇవ్వాలి. మొత్తం పెట్టుబడిలో బ్యాంకు వాటా 39.17 శాతం, సిమెంటు 22.64, మందుల కంపెనీ 22.03, ఐటీ 13.59, కరెంటు కంపెనీ కేవలం 2.57. ఒక్కో వాటాను ఆ షేరు శాతంతో గుణిస్తే బ్యాంకు మొత్తాన్ని 1.96 కిందికి లాగుతుంది, సిమెంటు 2.26 పైకి తీస్తుంది, మందుల కంపెనీ 2.20 లాగేస్తుంది, కరెంటు కంపెనీ 3.86, ఐటీ 0.68 కలుపుతాయి. అన్నీ కూడితే అదే 2.64. అంటే 150 శాతం పెరిగిన షేరు కూడా, అందులో పెట్టింది తక్కువ కాబట్టి, మొత్తానికి నాలుగు శాతం కన్నా తక్కువే చేర్చగలిగింది.

మీ అన్న లెక్క సంగతి. కొన్న ధరలు కూడితే 5,254, ఇప్పటి ధరలు కూడితే 5,487. తేడా 233, దాన్ని 5,254తో భాగిస్తే 4.43 శాతం. ఇది ఒక్కో కంపెనీ షేరు ఒక్కటే కొన్నవాళ్లకు వచ్చే శాతం. ఇందులో షేరు ధర ఎక్కువున్న కంపెనీకి బరువెక్కువ వస్తుంది. సిమెంటు షేరు 1,850 కాబట్టి అది పెద్దదైపోయి, 200 షేర్లున్న బ్యాంకు చిన్నదైపోయింది. ఒక షేరు ధర రెండు వేలా, రెండు వందలా అన్నదానికీ, మీ నాయన అందులో ఎంత పెట్టారన్నదానికీ సంబంధం లేదు. మీ అన్న అంకె నిజానికి కాస్త దగ్గరగా వచ్చింది, కానీ అది కాకతాళీయం. ఇంకో పట్టికలో అదే పద్ధతి లాభాన్ని నష్టంగా కూడా చూపించగలదు.

ఇక ఫోటో సంగతి. నా పనిలో లెక్క తప్పడం కన్నా అంకె తప్పుగా చదవడమే ఎక్కువ చూశాను, అందుకే దీని గురించి కొంచెం వివరంగా చెబుతాను.

కరెంటు కంపెనీ ధర 270 అనుకుంటే ఆ వరుస విలువ 27,000 అవుతుంది. మొత్తం విలువ 3,41,420, లాభం 14,620, శాతం 4.47. ఒక్క అంకె మారితే లాభం ఆరు వేలు పెరిగింది, శాతం 2.64 నుంచి 4.47కు వెళ్లింది. కానీ అడుగున కనిపిస్తున్నది 3,35,4 కదా. 210తో వచ్చిన 3,35,420 దానికి సరిపోతుంది, 270తో వచ్చిన 3,41,420 సరిపోదు. సగం తెగిన మొత్తమైనా సరే, దాన్ని వదిలిపెట్టకండి. ఫోటోలో అనుమానంగా ఉన్న అంకెను తేల్చడానికి అంతకన్నా మంచి సాక్ష్యం ఉండదు.

మీకు ముందే 210 అన్న అనుమానం ఉంది కాబట్టి తేలిగ్గా తేలింది. ఏ అంకె తప్పో తెలియనప్పుడు నేను ఏం చేస్తానంటే, నా మొత్తానికీ ఫోటోలో ఉన్న మొత్తానికీ తేడా తీసి, దాన్ని ఒక్కో వరుసలోని షేర్ల సంఖ్యతో భాగిస్తాను. ఉదాహరణకు మీరు 270 అని చదివి ఉంటే తేడా సుమారు 6,000 వస్తుంది. దాన్ని కరెంటు కంపెనీ 100 షేర్లతో భాగిస్తే 60. అంటే పదుల స్థానంలో ఆరు తేడా. 1ని 7గా చదివితే సరిగ్గా ఆరే తేడా వస్తుంది, ఆ రెండూ ఫోటోలో ఒకేలా కనిపించే అంకెలు. సిమెంటు 40 షేర్లతో భాగిస్తే 150, అంటే రెండు స్థానాలు ఒకేసారి తప్పు చదివి ఉండాలి, అది అరుదు. బ్యాంకుకు 30 వస్తుంది, మందుల కంపెనీకి 100, ఐటీకి 200. ఇలా భాగించి చూస్తే ఐదు వరుసల్లో మొదట ఏ అంకె మీద జూమ్ చేయాలో తెలిసిపోతుంది. 1, 7 కాకుండా 3, 8 జంట (తేడా 5), 5, 6 జంట (తేడా 1), 0, 8 జంట (తేడా 8) ఎక్కువగా మోసం చేస్తాయి.

పాత గుమాస్తాలు వాడే చిట్కా ఇంకొకటి ఉంది. పక్కపక్క అంకెలు తారుమారైతే, ఉదాహరణకు 608ని 680 అని రాసుకుంటే, తేడా ఎప్పుడూ 9తో భాగమవుతుంది. ఇక్కడ 72. షేర్ల సంఖ్యతో భాగించగా వచ్చిన తేడా 9తో నిశ్శేషంగా పోతే, చదవడంలో కాదు, రాసుకోవడంలో తారుమారైందేమో ముందు చూడండి.

ఈ పద్ధతికి రెండు పరిమితులు ఉన్నాయి. మీకు చివరి రెండు అంకెలు కనిపించడం లేదు, కాబట్టి చిన్న తప్పులు దాక్కోవచ్చు. ఐటీ ధర 1,554 కాకుండా 1,556 అయితే మొత్తం 3,35,480 అవుతుంది, అది కూడా 3,35,4తోనే మొదలవుతుంది. అయినా ఆ తేడా అరవై రూపాయలే, శాతంలో 0.02. దాని గురించి టెన్షన్ అక్కర్లేదు. రెండో పరిమితి పెద్దది. అడుగున ఉన్నది ఇప్పటి విలువ మొత్తం మాత్రమే. కొన్న ధర కాలమ్‌లో ఏ అంకె తప్పు చదివినా ఈ మొత్తం పట్టుకోలేదు. ఆ కాలమ్‌ను వేరే కాగితంతో సరిచూడాలి.

దానికి ఏ కాగితం అంటే, కొన్న రోజు బ్రోకర్ పంపిన కాంట్రాక్ట్ నోట్. చాలామంది క్యాస్ స్టేట్‌మెంట్ తీసుకొస్తారు, అంటే మీ నాయన ఈమెయిల్‌కు సీడీఎస్‌ఎల్ లేదా ఎన్‌ఎస్‌డీఎల్ నుంచి వచ్చే ఉమ్మడి ఖాతా వివరం. అందులో ఏ కంపెనీవి ఎన్ని షేర్లున్నాయో, ఆ తేదీకి వాటి విలువ ఎంతో ఉంటుంది. షేర్ల సంఖ్య సరిచూడటానికి అది బాగా పనికొస్తుంది. కానీ షేర్లు ఎంతకు కొన్నారన్నది అందులో ఉండదు, అందుకు కాంట్రాక్ట్ నోటే దిక్కు.

కాంట్రాక్ట్ నోట్లు చూసేటప్పుడు ఒకే షేరును రెండుసార్లు కొన్నారేమో గమనించండి. మీ పట్టికలో బ్యాంకు కొన్న ధర 640 అని ఉంది. బహుశా 150 షేర్లు 620కి, తర్వాత 50 షేర్లు 700కి కొని ఉంటారు అనుకుందాం. 93,000, 35,000 కూడి 200తో భాగిస్తే 640 సరిగ్గా వస్తుంది. కానీ ఎవరైనా చేత్తో పట్టిక తయారు చేసి 620, 700 రెండింటి సగటు 660 అని వేసి ఉంటే, పెట్టుబడి 4,000 ఎక్కువ చూపిస్తుంది. మీరు శాతాల్లో చేసినదే ఇక్కడ ధరల్లో జరిగినట్టు. సగటు ధరకు చివర వింత పైసలు, 637.43 లాగా, ఉండటం తప్పేమీ కాదు. అది మార్కెట్లో పలికిన ధర కాదు, భాగిస్తే వచ్చిన అంకె.

ఏదైనా వరుస దాదాపు సగం నష్టం చూపిస్తుంటే వెంటనే నమ్మకండి. మీ పట్టికలో అలాంటిది లేదు, అయినా చెబుతున్నాను, ఎందుకంటే ఇది చూసి భయపడి అమ్మేసేవాళ్లున్నారు. రిలయన్స్ 2024 అక్టోబర్ 28ని రికార్డు తేదీగా పెట్టి ఒక షేరుకు ఒక షేరు బోనస్ ఇచ్చింది, అంటే షేర్లు రెట్టింపై, ఒక్కో షేరు ధర దాదాపు సగమైంది. ఆ తర్వాత కొన్నాళ్లకు ఇక్కడి రిటైర్డ్ లెక్చరర్ ఒకాయన తన నోటుబుక్కు పేజీ ఫోటో తీసి నాకు పంపారు. అందులో 50 షేర్లు, కొన్న ధర 2,400, ఇప్పటి ధర 1,300 అని ఉంది. నోటుబుక్కు ప్రకారం పెట్టిన 1,20,000కు ఇప్పుడు 65,000, అంటే 45.8 శాతం నష్టం. ఆయన గొంతులో వణుకు నాకు ఫోన్‌లోనే తెలిసింది. నిజానికి ఆయన డీమ్యాట్ ఖాతాలో అప్పటికే 100 షేర్లున్నాయి. 100ని 1,300తో గుణిస్తే 1,30,000. నష్టం లేదు, 8.33 శాతం లాభం. ఇప్పటి ధర బోనస్ తర్వాతది, షేర్ల సంఖ్య బోనస్ ముందుది. ఆ రెండింటినీ ఒకే వరుసలో కలిపితే ఏ లెక్కా నిలబడదు.

ఇలాంటప్పుడు లాభం కట్టడానికి షేర్ల సంఖ్యను 100 చేసి, కొన్న ధరను 1,200 చేసుకుంటే చాలు, పెట్టిన 1,20,000 మారదు. పన్ను లెక్కలో మాత్రం ఇలా పంచరు. బోనస్‌గా వచ్చిన షేర్ల ఖరీదు సున్నా, పాత షేర్ల ఖరీదు పాతదే. అందుకే అమ్మిన తర్వాత రిటర్నులో వేసే అంకె, ఇంట్లో వేసుకున్న అంకె ఒకటి కాకపోవచ్చు. అమ్మనంతవరకు మీ 8,620 మీద పన్ను ఏమీ లేదు.

ఐదు వరుసలే కాబట్టి మీకు చేతిలెక్క సరిపోతుంది. ముప్పై, నలభై వరుసలుంటే ఎక్సెల్‌లోనో గూగుల్ షీట్స్‌లోనో వేసుకోండి. షేర్ల సంఖ్య B, కొన్న ధర C, ఇప్పటి ధర D కాలమ్‌లో, రెండో వరుస నుంచి ఆరో వరుస దాకా ఉన్నాయనుకుంటే, మొదటి సూత్రం B7లో, రెండోది B8లో, మూడోది B9లో పెట్టండి:

```
=SUMPRODUCT(B2:B6,C2:C6)
=SUMPRODUCT(B2:B6,D2:D6)
=(B8-B7)/B7
```

మొదటిది పెట్టిన డబ్బు, రెండోది ఇప్పటి విలువ, మూడోది లాభ శాతం (గడికి శాతం ఫార్మాట్ పెట్టాలి).

ఫోటోలోని అంకెలను ఫోన్‌తో కాపీ చేసి షీట్‌లో అతికించేవాళ్లకు ఇక్కడ పెద్ద ప్రమాదం ఉంది. ఫోన్ ఒక్కోసారి సున్నా బదులు ఇంగ్లీషు O అక్షరం వేస్తుంది. అలాంటి గడిని షీట్ అంకెగా తీసుకోదు, పదంగా తీసుకుంటుంది. SUMPRODUCT దాన్ని సున్నాగా లెక్కేసి ఊరుకుంటుంది, తప్పు అని చెప్పదు. మీ పట్టికలో మందుల కంపెనీ కొన్న ధర 1,200 అలా పదంగా పడితే పెట్టుబడిలో 72,000 మాయమవుతుంది, ఇప్పటి విలువ మాత్రం అలాగే ఉంటుంది. అప్పుడు లాభం 80,620, శాతం 31.64 అని కనిపిస్తుంది. మీ 30 శాతానికి దగ్గరగా ఉంది కాబట్టి "చూశావా, నాదే కరెక్టు" అని కూడా అనిపించవచ్చు. దీన్ని పట్టుకోవడానికి ఈ సూత్రం వాడండి:

```
=COUNT(B2:D6)
```

ఐదు వరుసలు, మూడు కాలమ్‌లు కాబట్టి 15 రావాలి. 14 వస్తే ఒక గడి అంకె కాదు. కంటితో చూసినా, గడుల అమరిక మీరు మార్చకపోతే, అంకెలు కుడివైపుకు, పదాలు ఎడమవైపుకు ఒరిగి ఉంటాయి.

ఈ 2.64 శాతం గురించి ఒక్క విషయం గుర్తుంచుకోండి. ఇందులో కాలం లేదు. మీ నాయన ఈ షేర్లు ఆరు నెలల కింద కొన్నా, ఆరేళ్ల కింద కొన్నా ఈ లెక్కలో 2.64 శాతమే వస్తుంది. బ్యాంకు డిపాజిట్ వడ్డీతో పోల్చాలంటే కొన్న తేదీలు కావాలి, అవి మీ పట్టికలో లేవు. మధ్యలో వచ్చిన డివిడెండ్లు కూడా ఇందులో లేవు, అవి నేరుగా మీ నాయన బ్యాంకు ఖాతాలో పడి ఉంటాయి. కొన్న ధరలో బ్రోకరేజీ, ఇతర ఖర్చులు కలిపారో లేదో కూడా సబ్‌బ్రోకర్‌ను అడిగితేనే తెలుస్తుంది.

ఇంకోటి, ఐదు ధరలూ ఒకే తేదీవి అయి ఉండాలి. ఫ్లాష్ పడిన వరుసకు మాత్రం ఈ రోజు ధర ఫోన్‌లో చూసి వేసి, మిగతా నాలుగూ ఫోటోలోవి ఉంచితే, ఆ మొత్తం ఏ రోజుదీ కాదు, అడుగున ఉన్న 3,35,4తో సరిచూడటానికీ పనికిరాదు. వేస్తే ఐదూ కొత్తవి వేయండి, లేదంటే ఐదూ ఫోటోలోవే ఉంచండి.

సబ్‌బ్రోకర్ ఆఫీసుకు ఫోన్ చేసి, ఫోటో కాకుండా హోల్డింగ్ స్టేట్‌మెంట్‌ను ఎక్సెల్ లేదా పీడీఎఫ్ ఫైలుగా మీ నాయన ఈమెయిల్‌కు పంపమనండి. అందులో ధరలు ఏ తేదీవో రాసి ఉండాలని, కొన్న తేదీల కాలమ్ కూడా కావాలని ప్రత్యేకంగా చెప్పండి. అప్పటిదాకా ఫోటోనే దిక్కయితే, కాగితాన్ని బల్ల మీద పరిచి, ఫ్లాష్ ఆపి, కిటికీ వెలుతురులో నేరుగా పైనుంచి, అడుగున ఉన్న మొత్తం వరుసతో సహా మళ్లీ తీసి పంపమంటే సరిపోతుంది.